వెడల్పు ముక్కుకి ఏ పుడక? ముందు రంధ్రం చోటు తేల్చుకో

ప్రశ్న: నమస్కారమండీ. మాది నరసాపురం దగ్గర పల్లెటూరండి. నాకు 25 ఏళ్ళు. మాఘంలో పెళ్ళి కుదిరింది. ఇప్పటిదాకా ముక్కు కుట్టించుకోలేదు. నాది గుండ్రటి ముఖం, వెడల్పు ముక్కు. సెల్ఫీ తీసుకుంటే ముఖమంతా ముక్కే కనపడుతుంది. మా అమ్మమ్మ ఏడు రాళ్ళ వజ్రాల ముక్కుపుడక పెట్టుకోవాలని అమ్మ పట్టు. నాకేమో రింగంటే ఇష్టం. రింగు పెడితే ముక్కు ఇంకా వెడల్పుగా కనపడుతుందని, ఆవగింజంత పుడక చాలని వదిన అంటోంది. ఎంత సైజు తీసుకోవాలి, ఎక్కడ కుట్టించుకోవాలి? స్కేలు ఆనించి తీసిన ఫోటోలు, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి పంపుతున్నానండి. అమ్మమ్మ పుడక బిళ్ళ అడ్డంగా 7 మిల్లీమీటర్లుంది.

జవాబు: అమ్మా, ముందు ఆ సెల్ఫీలను లెక్కలోంచి తీసెయ్. ఫోను ముఖానికి అడుగు దూరంలో పట్టుకుని తీస్తే, ముఖంలో అన్నిటికంటే ముందుకొచ్చి ఉండేది ముక్కు కాబట్టి అదే పెద్దదిగా పడుతుంది. ఐదడుగుల దూరం నుంచి తీసిన ఫోటోతో పోలిస్తే అడుగు దూరంలో తీసినదాంట్లో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనపడుతుంది. పెళ్ళిలో నిన్ను ఎవరూ అడుగు దూరం నుంచి చూడరు. పుడక ఎంపికకి ఎప్పుడైనా ఇంకొకరి చేత ఐదారడుగుల దూరం నుంచి, కొంచెం జూమ్ చేసి తీయించుకున్న ఫోటోనే చూడాలి.

నువ్వు పంపిన ఎదురు ఫోటోలో ముక్కు అడుగున వెడల్పు 38 మిల్లీమీటర్లు ఉంది. రెండు కళ్ళ లోపలి మూలల మధ్య దూరం 34. కంటి మూల నుంచి నిలువుగా కిందకి ఒక దారం వదిలితే ముక్కుపుటం ఆ దారం దాటి 2 మిల్లీమీటర్లు బయటకి వస్తోంది, అటూ ఇటూ అంతే. ఇది కొంచెం వెడల్పు ముక్కే, కాదనను. కానీ నువ్వు బెంగపడుతున్నంత వెడల్పు కాదు. మీ ఊళ్ళో లేసు అల్లే ఇల్లు లేకుండా ఉండదు కదా, ఆ దారం ముక్కొకటి తీసుకుని అద్దం ముందు కంటి మూల దగ్గర పట్టుకుని నువ్వే చూసుకో. ఈ దారం గీత మనకి మళ్ళీ పనికొస్తుంది.

మీ ఇంట్లో ముగ్గురూ నగ గురించే వాదించుకుంటున్నారు. పుడక చిన్నదా పెద్దదా, రింగా బిళ్ళా అన్నది రేపైనా మార్చుకోవచ్చు. రంధ్రం మాత్రం ఒకచోట పడ్డాక జరపలేం. పెద్ద ముక్కుపుడక నప్పలేదని వచ్చిన ఆడపిల్లల్లో చాలామందికి నిజంగా నప్పనిది పుడక కాదు, రంధ్రం పడ్డ చోటు. మా నాన్నగారి కంసాలి కొట్లో కూర్చుని చూసినప్పటి నుంచీ నాకు ఇది బాగా తెలిసిన సంగతి. అందుకే చోటు గురించి కొంచెం వివరంగా చెబుతాను, సైజు దానంతటదే తేలుతుంది.

ముక్కుపుటం ఉబ్బుగా ఉంటుంది కదా, ఆ ఉబ్బు పైనుంచి మొదలై వెనక్కి తిరిగి చెంప దగ్గర కలిసే గాడి ఒకటుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. చాలాచోట్ల ఆ గాడిలోనే, వెనకవైపుగా గుచ్చేస్తారు. సన్న ముక్కుకి అది బాగానే ఉంటుంది. వెడల్పు ముక్కుకి అక్కడ గుచ్చితే ఎదురుగా చూసినప్పుడు రాయి సరిగ్గా ముక్కు బయటి అంచు మీద మెరుస్తుంది. చూసేవాళ్ళ కన్ను ఆ మెరుపు దగ్గరకే వెళ్తుంది కాబట్టి ముక్కు ఎంత దూరం పాకిందో మనమే గుర్తు పెట్టి చూపించినట్టవుతుంది. పైగా గాడిలో బిళ్ళ చదునుగా కూర్చోదు, ఒకపక్క లేచి నిలబడుతుంది. ఎవరి పుడకైనా ఓరగా లేచి ఉంటే రంధ్రం గాడిలోకి పడిందనో, సూది చర్మానికి నిట్టనిలువుగా కాకుండా ఏటవాలుగా దిగిందనో అర్థం.

నీకు రంధ్రం ముక్కుపుటం నడిమికి ఒక్క వెంట్రుకవాసి ముందుగా, అంటే కొన వైపుకి ఉండాలి. ఇందాకటి దారం మళ్ళీ కంటి మూల నుంచి వదులు. పెట్టబోయే బిళ్ళ బయటి అంచు ఆ దారానికి లోపలే ఉండాలి, దాటకూడదు. అలా పడితే మెరుపు ముఖం మధ్యకి వస్తుంది, ముక్కు అంచులు నీడలో ఉండిపోతాయి. అలాగని మరీ ముందుకి పోవద్దు. కొన దగ్గర కండ మందంగా ఉంటుంది, అంచు కూడా పైకి వంపు తిరుగుతుంది, అక్కడ రింగు వేస్తే పక్కకి ఆనుకోకుండా ముందుకి పొడుచుకొచ్చినట్టు నిలబడుతుంది.

ఇక ఎత్తు. పక్క ఫోటోలో నీ ముక్కుపుటం గాడి నుంచి కింది అంచు వరకు 13 మిల్లీమీటర్లుంది. నీకు రింగు మీద మనసుంది కాబట్టి రంధ్రం అంచుకి ఎంత ఎత్తులో ఉండాలన్నది రింగును బట్టే నిర్ణయించుకోవాలి. రంధ్రం నుంచి అంచుకి ఉన్న దూరానికి 2 మిల్లీమీటర్లు కలిపితే ముక్కుకి అతుక్కున్నట్టు ఉండే రింగు లోపలి వెడల్పు వస్తుంది. 6 మిల్లీమీటర్ల ఎత్తులో గుచ్చితే 8 మిల్లీమీటర్ల రింగు. అదే 9 మిల్లీమీటర్ల ఎత్తులో గుచ్చితే 11 రింగు కావాలి, అది నీ గుండ్రటి ముఖంలో ఇంకో సున్నా అయి కూర్చుంటుంది. మరీ కిందకి, 4 మిల్లీమీటర్ల లోపు గుచ్చితే రింగు చిన్నదే సరిపోతుంది గానీ పట్టుకోవడానికి కండ ఉండదు, కాస్త బరువు పడితే రంధ్రం కిందకి సాగుతుంది. నీకు 6 దగ్గర ఆగమని నా సలహా.

వదిన రింగు వద్దన్నదాంట్లో సగం నిజముంది. కిందకి వేలాడే వదులు రింగు వెడల్పు ముక్కుని ఇంకా వెడల్పు చేస్తుంది, ఎందుకంటే అది ముక్కు దాటి పక్కకి, కిందకి గీత గీస్తుంది. అంచుకి ఆనుకుని ఉండే 8 మిల్లీమీటర్ల రింగు అలా చేయదు. అది ముక్కుపుటం వంపులోనే కలిసిపోతుంది, నిలువుగా సన్న గీతలా కనపడుతుంది. పుటం కండ మందంగా ఉండి 8 వేస్తే అంచు తెల్లబడినా, నొక్కు పడినా 9 తీసుకో. అంతకంటే పెద్దది వద్దు. తీగ మందం కూడా చూసుకోవాలి. దారమంత సన్నటి 0.6 మిల్లీమీటర్ల తీగ కండగల ముక్కుకి కోసుకుపోయినట్టు కనపడుతుంది, ఏళ్ళ తరబడి పెడితే నిజంగానే రంధ్రాన్ని కోస్తుంది. నీకు 1 మిల్లీమీటరు, అంటే 18 గేజి తీగ బాగుంటుంది. రింగు 22 క్యారెట్లలో చేయించకు, మెత్తన కాబట్టి నాలుగు రోజులకి గుండ్రం పోతుంది. 18 క్యారెట్ల బంగారానికి బిగువుంటుంది.

ఇప్పుడు పుడక సంగతి. వదిన చెప్పిన ఆవగింజంత పుడక నీకు నప్పదు. ఒకటిన్నర మిల్లీమీటర్ల చుక్క విశాలమైన చోట పెడితే చుట్టూ ఉన్న ఖాళీయే కనపడుతుంది, ముక్కు ఇంకా పెద్దదనిపిస్తుంది. చిన్న ముక్కుకి అందమిచ్చే చుక్క నీ ముక్కు మీద తప్పిపోయినట్టుంటుంది. రోజూ పెట్టుకునే బిళ్ళ ముక్కుపుటం ఎత్తులో మూడో వంతుకి అటూ ఇటూ ఉంటే సరిపోతుందని నా లెక్క. నీ 13లో మూడో వంతు దాదాపు నాలుగున్నర. ఒంటిరాయి అయితే మెరుపు ఎక్కువ కాబట్టి 3 మిల్లీమీటర్లు చాలు, వజ్రంలో అది దాదాపు 10 సెంట్ల రాయి. పువ్వులా రాళ్ళు పేర్చినది అయితే నాలుగున్నర, ఐదు దాకా పెట్టొచ్చు.

ఏడు రాళ్ళ పుడకకి ఒక లెక్కుంది, కొనేటప్పుడు గుర్తుంచుకో. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు, అన్నీ ఒకే సైజైతే బిళ్ళ వెడల్పు ఒక రాయి వెడల్పుకి మూడింతలు, పైన కొంచెం బంగారం. మీ అమ్మమ్మ పుడకలో రాళ్ళు 2 మిల్లీమీటర్లవి అయి ఉంటాయి, ఆరుకి ఒకటి బంగారం కలిపి 7 వచ్చింది. నీకు రోజువారీకి ఏడు రాళ్ళదే కావాలంటే 1.3 మిల్లీమీటర్ల రాళ్ళతో చేయించుకుంటే నాలుగున్నరకి వస్తుంది, చూడ్డానికి అదే పుడక. 7 మిల్లీమీటర్లది నీ ముక్కుపుటంలో సగం కమ్మేస్తుంది. ఇంకో ఇబ్బంది, చదునైన పెద్ద బిళ్ళ ఉబ్బెత్తు ముక్కు మీద పూర్తిగా ఆనదు, అంచులు లేస్తాయి, తల తుడుచుకుంటే తువ్వాలు పట్టేస్తుంది. అందుకని అమ్మమ్మ పుడకని పెళ్ళికీ పండగలకీ ఉంచుకో. పీటల మీద కాసులపేరూ వడ్డాణమూ బుట్టలూ పెట్టుకుని కూర్చున్నప్పుడు 7 మిల్లీమీటర్లు పెద్దదనిపించదు, ఆ నగల మధ్య చిన్న పుడకే వెలవెలబోతుంది. రాళ్ళు ఊడదీసి చిన్నది చేయించమని ఎవరైనా అంటే ఒప్పుకోకు.

మన వైపు పెద్దవాళ్ళు రెండు పక్కలా కుట్టించుకునేవారు. అమ్మ అదీ అడిగితే, నీ ముక్కుకి వద్దని చెబుతాను. రెండు మెరుపులు రెండు అంచుల్నీ చూపిస్తాయి. ఒక్క పక్కే చాలు. కుడా ఎడమా అన్నది మీ ఇంటి ఆనవాయితీ.

ముఖం ఆకారానికి ముక్కంత పట్టింపు లేదు, కానీ రెండు నగల మధ్య తేల్చుకోలేనప్పుడు అది సాయపడుతుంది. గుండ్రటి ముఖానికి నిలువుగా ఉండేవి కలిసొస్తాయి. ఒంటిరాయి, బొట్టు చుక్కలా కొనతేలిన రాయి, అతుక్కున్న రింగు బాగుంటాయి. అడ్డంగా పరుచుకునే పెద్ద పువ్వు రోజూ పెట్టేందుకు నీకు పనికిరాదు. మీ వదినది కోలముఖమైతే ఆవిడకి ఆ పువ్వే బాగుంటుంది. దవడ ఎముకలు తేలినవాళ్ళకి గుండ్రటి రింగు ముఖాన్ని మెత్తబరుస్తుంది.

ఇదంతా నా మాట మీద నమ్మక్కర్లేదు, కుట్టించుకునే ముందే చూసుకోవచ్చు. ఫ్యాన్సీ షాపులో బొట్టుబిళ్ళలు 2 నుంచి 7 మిల్లీమీటర్ల దాకా దొరుకుతాయి, మెరిసే రాయి ఉన్నవి తీసుకో. తిన్నగా కూర్చుని, నవ్వకుండా, అంచుకి 6 మిల్లీమీటర్ల పైన పెన్నుతో చుక్క పెట్టి 3 మిల్లీమీటర్ల బిళ్ళ అంటించు. దారం గీత లోపలే ఉందా చూడు. తర్వాత గట్టిగా నవ్వు. నవ్వితే ముక్కుపుటం పక్కకి సాగి గాడి లోతవుతుంది, బిళ్ళ ఆ మడతలోకి పోతే చోటు వెనక్కి పడిందన్నమాట, ఒక మిల్లీమీటరు ముందుకి జరుపు. చోటు కుదిరాక అక్కడే నాలుగున్నర, ఏడు మార్చి మార్చి అమ్మ చేత దూరం నుంచి ఫోటో తీయించు. కుట్టకుండా పెట్టుకునే ఉత్తుత్తి రింగులూ అదే షాపులో ఉంటాయి, 8, 10 రెండూ తగిలించి చూస్తే తేడా వదినకి కూడా తెలుస్తుంది. కుట్టే రోజు నీ చుక్క నువ్వే పెట్టుకుని వెళ్ళు, పడుకోబెట్టి గుర్తు పెడతానంటే ఒప్పుకోకు. పడుకుంటే ముఖం తీరు మారుతుంది.

ఇది శ్రావణం, మాఘానికి ఆరు నెలల వ్యవధి ఉంది. ముక్కు రంధ్రం పూర్తిగా మానడానికి నాలుగు నుంచి ఆరు నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది కాబట్టి ఆలస్యం చేయకు. చెవులకి కొట్టే గన్నుతో ముక్కు కుట్టించుకోవద్దు, అది కండని నలిపేస్తుంది. కొత్త సూది, అప్పుడే చింపిన పొట్లంలోంచి తీసినది, 18 గేజిది అడుగు. మొదట రింగు వేయించుకోకు, మనసు లాగినా సరే. రింగు తిరుగుతూ ఉంటుంది, రంధ్రం మానదు, పక్కన పొక్కులాంటి బుడిపె లేస్తుంది. చదును వెనకభాగం ఉన్న టైటానియం పుడకో 18 క్యారెట్ల పుడకో 3 మిల్లీమీటర్ల బిళ్ళతో వేయించుకో. కాడ మొదట కొంచెం పొడుగ్గా ఉండాలి, వాపుకి చోటు కావాలి కదా. వాపు తగ్గాక పొట్టి కాడకి మార్పించుకో, లేకపోతే అది ఊగుతూ రంధ్రాన్ని వంకర చేస్తుంది.

రోజుకి రెండుసార్లు మందుల షాపులో దొరికే సెలైన్‌తో తడిపి తుడిస్తే చాలు. పసుపు, కొబ్బరినూనె, వేపపుల్ల ఏవీ వద్దు, పుడకని తిప్పడమూ వద్దు. చెరువులో ఈత ఎలాగూ మానాలి. కార్తీకం వచ్చేసరికి నీకు మూడు నెలలే అవుతుంది, స్నానాలకి వసిష్ఠ రేవుకి వెళ్తే నీళ్ళు ఒంటి మీద పోసుకో, తల ముంచకు. ఎర్రగా వేడిగా ఉబ్బి చీము వస్తే నగ నువ్వే తీసేయకు, డాక్టరుకి చూపించు. మీ ఇంట్లో ఎవరికైనా దెబ్బ తగిలిన చోట మచ్చ గడ్డలా పెరిగే గుణం ఉంటే మాత్రం కుట్టించుకోకముందే చర్మవైద్యుణ్ణి అడుగు.

అమ్మమ్మ పుడకని ఈలోపే కంసాలి గారికి చూపించు. పాతవాటికి కాడ చాలా లావుగా ఉంటుంది, 1 మిల్లీమీటరు రంధ్రంలో దూరదు. దూరడం కోసం రంధ్రాన్ని బలవంతంగా సాగదీయించుకోకు. పుడకకే కాడ మార్పించాలి. పాత కాడ కోసేసి 1 మిల్లీమీటరుది మాటు వేసి, కొత్త మర పెడతారు. అయితే రాళ్ళ వెనక మూసి ఉందో తెరిచి ఉందో ముందు చూడమను. వెనక మూసిన పాత కట్టడంలో లక్క ఉంటే మాటు వేసే వేడికి కరిగిపోతుంది, రాళ్ళ మెరుపు పోతుంది. అలాంటిదైతే రాళ్ళు తీసి, మాటు వేశాక మళ్ళీ పొదగాలి. తీసే ముందు రాళ్ళు లెక్కపెట్టి, తూకం రాయించుకుని, ఫోటో తీసుకో. మర లోపలి పక్క బిళ్ళ చిన్నదిగా, అంచులు నున్నగా చేయించు, లేకపోతే ముక్కు లోపల గీసుకుంటుంది.

పుష్యంలో ఒకసారి పెట్టి చూసుకో. నొప్పి లేకుండా, తడి లేకుండా సాఫీగా దిగితే రంధ్రం మానినట్టే, ఒక పూట ఉంచుకుని తీసెయ్. దిగకపోతే పెళ్ళికి మొదటి పుడకతోనే ఉండు, దాని పైన బలవంతం చేయకు. పీటల మీదకి వెళ్ళే ముందు మర బిగించి ఉందో లేదో అమ్మ చేత చూపించుకో, తలంబ్రాల దగ్గర మళ్ళీ ఒకసారి. రింగు మార్పు పెళ్ళయ్యాక చైత్రంలో పెట్టుకో.